యాభై శాతం దగ్గరే ఆఫ్ అయిపోయే ఫోన్: నాలుగేళ్ల వాడకం, బ్యాటరీ మార్చాక పది నెలలు

పాప స్టేజీ మీదికి వచ్చింది. కెమెరా తీసి వీడియో మొదలుపెట్టాను. అప్పటికి బ్యాటరీ 52 శాతం ఉంది. నాలుగైదు సెకన్లు గడిచాయో లేదో స్క్రీన్ నల్లగా అయిపోయింది. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే లోగో కనపడి మళ్లీ ఆరిపోయింది. ఇంటికి వచ్చి ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే అదే 52 శాతం చూపించింది.

ఫోన్ కొన్న మూడేళ్లకు జరిగింది ఇది. బ్యాటరీ సామర్థ్యాన్ని అంచనా వేసే యాప్ 82 శాతం అని చెప్పింది. ఆ అంకెను నమ్మి బ్యాటరీ బాగానే ఉందనుకున్నాను, తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. ఒక వారం పోయింది, ఏమీ మారలేదు. ఒక రిపేర్ షాపులో చూపిస్తే, "బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. ఫోన్ తెరిచి కూడా చూడలేదు. ఆ మాట విని ఫోన్ పారేసి ఉంటే చాలా బాధపడేవాణ్ణి. బోర్డుకు ఏమీ కాలేదు.

ఆ 82 శాతం అనేది బ్యాటరీ ఎంత ఛార్జిని దాచుకోగలదో మాత్రమే చెబుతుంది. అడిగిన క్షణంలో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పదు. లిథియం సెల్ పాతబడే కొద్దీ లోపలి నిరోధకత పెరుగుతుంది. ట్యాంకులో నీళ్లు సగం ఉన్నా పైపు సన్నబడిపోయినట్టు అన్నమాట. మామూలుగా మెసేజీలు చూసుకుంటే ఫోన్‌కు కొంచెం కరెంటు చాలు, ఏ ఇబ్బందీ కనపడదు. కెమెరా, ఫ్లాష్, ప్రాసెసర్ ఒకేసారి లాగితే మాత్రం వోల్టేజ్ ఒక్కసారిగా కుంగిపోతుంది. ఫోన్ నడవడానికి కావలసిన కనీస వోల్టేజ్ కంటే కిందికి జారితే సర్క్యూట్ తనను తాను ఆపేసుకుంటుంది. లోపల ఛార్జి అలాగే ఉంటుంది.

ఒక లెక్క చూడండి. సగం ఛార్జి దగ్గర సెల్ వోల్టేజ్ సుమారు 3.8. కొత్త సెల్ నిరోధకత 0.08 ఓమ్ అనుకుంటే, 3 ఆంపియర్లు లాగినప్పుడు 0.24 వోల్టులు తగ్గి 3.56 మిగులుతుంది. నిశ్చింతగా నడుస్తుంది. పాత సెల్‌లో నిరోధకత 0.25 అయితే తగ్గేది 0.75, మిగిలేది 3.05. చాలా ఫోన్లు ఆ దరిదాపుల్లోనే ఆగిపోతాయి. చల్లటి చోట నిరోధకత ఇంకా పెరుగుతుంది, అందుకే నా ఫోన్ తెల్లవారుజామున ఎక్కువగా ఆగిపోయేది.

మీ ఫోన్‌లోనూ జరిగేది ఇదేనా, లేక శాతం చూపించే మీటరే తప్పుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆగిపోయిన వెంటనే ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. దాదాపు అదే 50 శాతం చూపిస్తే సెల్ కరెంటు ఇవ్వలేకపోతోందని అర్థం. 2 లేదా 3 శాతం చూపించి అక్కడి నుంచి పైకి ఎక్కితే, సెల్ నిజంగానే ఖాళీ అయింది, మీటర్ అబద్ధం చెప్పింది. ఒకసారి పూర్తిగా దించి, ఆపకుండా 100 దాకా ఛార్జ్ చేస్తే సర్దుకునేది మీటర్ తప్పు మాత్రమే. పెరిగిన నిరోధకతకు ఆ చిట్కా పనికిరాదు. నేను మూడుసార్లు చేశాను.

ఇంకొక పరీక్ష: బ్యాటరీ సేవర్ పెట్టి రెండు రోజులు వాడండి. అందులో ప్రాసెసర్ వేగం తగ్గుతుంది కాబట్టి ఒక్కసారిగా లాగే కరెంటూ తగ్గుతుంది. ఆగిపోవడం మానేస్తే అనుమానం బ్యాటరీ మీదే. 2017లో ఐఫోన్లలో ఇలాంటి ఆగిపోవడాలను తప్పించడానికి ఆపిల్ అప్‌డేట్ ద్వారా చేసింది కూడా ఇదే, పాత బ్యాటరీ ఉన్న ఫోన్ వేగం తగ్గించడం.

కంప్యూటర్‌తో అలవాటు ఉన్నవాళ్లు, అక్కడి నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే adb అనే టూల్‌తో ఆండ్రాయిడ్‌లో వోల్టేజ్ నేరుగా చూడవచ్చు. వైర్‌లెస్ డీబగ్గింగ్‌తోనే కలపండి. కేబుల్ పెడితే ఛార్జింగ్ మొదలై అంకె మారిపోతుంది.

```
adb shell "dumpsys battery | grep -E 'level|voltage|temperature|health'"
```

నా పాత బ్యాటరీ 52 శాతం దగ్గర, ఫోన్ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు 3820 మిల్లీవోల్టులు చూపించింది. ఫ్లాష్ వెలిగించి వీడియో తీస్తుంటే 3410కి పడిపోయింది, తరువాత ఫోనే ఆగిపోయింది. ఈ రీడింగ్ ఉండి ఉండి మారుతుంది కాబట్టి, ఫోన్‌ను ఆపేసిన అసలు కుంగుబాటు ఇంకా లోతుగా ఉండి ఉంటుంది. అదే జాబితాలో health అనే వరుస 2 చూపిస్తుంది, అంటే బాగుందని. నాది ఆగిపోతున్న రోజుల్లో కూడా 2 అనే చూపించింది. దాన్ని పట్టించుకోకండి.

అప్పుడు మార్చాలని నిర్ణయించుకున్నాను. నా లెక్క ఇది: స్క్రీన్, ఛార్జింగ్ పోర్టు బాగుండాలి, సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఇంకో ఏడాది రావాలి, మార్చే ఖర్చు ఈ ఫోన్ ఇప్పుడు అమ్మితే వచ్చే సొమ్ములో మూడో వంతు దాటకూడదు. మూడూ కుదిరాయి. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ అయితే నేను మార్పించేవాణ్ణి కాదు. వెనక మూత పైకి లేచినా, స్క్రీన్ అంచు దగ్గర సందు కనపడినా మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. సెల్ ఉబ్బింది. ఛార్జ్ చేయడం, నొక్కడం ఆపేసి బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

మొదట వేసిన కొత్త బ్యాటరీ రెండు వారాల్లోనే 30 శాతం దగ్గర ఆగిపోయింది. తిరిగి తీసుకెళ్లి, తెరిపించి, సెల్ మీద ముద్రించిన తేదీ చూస్తే దాదాపు మూడేళ్లు పాతది. వాడకుండా పెట్టినా సెల్ పాతబడుతుంది. తేదీ చూడకుండా వేయించుకోవడం నా పొరపాటు. రెండోసారి నాలుగు నెలల క్రితం తయారైనది చూసి పెట్టించుకున్నాను. అదే కెమెరా పరీక్షలో 3840 నుంచి 3690కి మాత్రమే దిగింది. మంచి సెల్ వేశాక కూడా ఆగిపోతే కనెక్టర్‌నో, బోర్డునో చూడాలి. ముఖ్యంగా ఫోన్‌ను కొంచెం తట్టినప్పుడు ఆరిపోతుంటే కనెక్టర్ వదులుగా ఉండవచ్చు.

ఒకటి పోగొట్టుకున్నాను: ఫోన్ తెరిచాక నీటి నుంచి ఉన్న రక్షణ మునుపటిలా ఉంటుందని అనుకోకూడదు. చుట్టూ ఉన్న జిగురు కొత్తది వేయమని అడిగాను, వేశారు కూడా. అయినా వానలో ఇప్పుడు బయటికి తీయను.

పది నెలలైంది. ఒక్కసారి కూడా దానంతట అదే ఆగలేదు. మొన్న పాప రెండో కార్యక్రమం పూర్తిగా తీశాను. 31 శాతం దగ్గర మొదలుపెట్టి, 19 దగ్గర ఆపాను.