ఒకే సగటు నష్టం ఉన్న రెండు పాచికల ఆటలు: ఏది ఆడాలి?

విశాఖపట్నం ఆర్.కె. బీచ్ దగ్గర ఒక దుకాణంలో పది రూపాయల రుసుముతో రెండు ఆటలు ఉన్నాయనుకుందాం. మొదటి ఆటలో పాచికపై సరిసంఖ్య పడితే 18 రూపాయలు, రెండో ఆటలో ఆరు పడితే 54 రూపాయలు ఇస్తారు. రుసుము తీసివేయగా మిగిలే నికర మొత్తాన్ని X అనుకుంటే పట్టికలు ఇలా ఉంటాయి.

మొదటి ఆట: X = 8, −10; సంభావ్యతలు 1/2, 1/2.
రెండో ఆట: X = 44, −10; సంభావ్యతలు 1/6, 5/6.

ప్రతి విలువను దాని సంభావ్యతతో గుణించి కూడితే మొదటిదానికి 4 − 5, రెండోదానికి (44 − 50)/6, అంటే రెండింటికీ అంకమధ్యమం −1 వస్తుంది. కాబట్టి సగటున ఆటకొక రూపాయి దుకాణదారుకే పోతుంది.

తేడా విస్తృతిలో, అంటే విలువలు సగటుకు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో ఉంది. విలువల వర్గాల సగటు నుంచి అంకమధ్యమపు వర్గాన్ని తీసివేస్తే విస్తృతి, దాని వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం వస్తాయి.

మొదటి ఆట: (64 + 100)/2 − 1 = 81; ప్రామాణిక విచలనం 9 రూపాయలు.
రెండో ఆట: (1936 + 500)/6 − 1 = 405; ప్రామాణిక విచలనం సుమారు 20 రూపాయలు.

విద్యార్థులు తరచుగా −10 వర్గాన్ని −100 అని రాస్తారు. అప్పుడు మొదటి ఆట విస్తృతి −19 అవుతుంది, విస్తృతి ఎన్నడూ రుణసంఖ్య కాదు గనుక తప్పు అక్కడే బయటపడుతుంది. రుసుము తీసివేయడం మరచిపోతే మాత్రం ఇంత సులభంగా తెలియదు, ఎందుకంటే అంకమధ్యమం 9కి మారినా విస్తృతి మారదు.

జేబులో 50 రూపాయలే ఉండి అయిదు ఆటలు ఆడేవారికి అన్నీ ఓడే సంభావ్యత మొదటిదానిలో 1/32, రెండోదానిలో దాదాపు 0.40, కాసేపు కాలక్షేపం కావాలనుకునేవారికి మొదటిదే తగినది. పోయినా పరవాలేదు, ఒక్కసారికి పెద్ద మొత్తం రావాలనుకునేవారికి రెండోది సరిపోతుంది. గల్లాపెట్టెలో తక్కువ డబ్బున్న దుకాణదారు కూడా మొదటి ఆటనే పెట్టుకోవాలి.