ప్లాస్టిక్ బాటిల్ ట్రాప్: సింకు కింద నాలుగేళ్లు వాడాక

పర్లాకిమిడిలో మా వంటగది సింకు నీళ్లు బయటికి పోయే దారిలో, చెత్త అడుగున ఆగేలా గిన్నె ఉండే ప్లాస్టిక్ బాటిల్ ట్రాప్ పెట్టించి నాలుగేళ్లు దాటింది. అడుగు గిన్నె చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. మెతుకులు, చేప పొలుసులు అన్నీ అందులోనే దిగబడి ఉంటాయి, కడిగి మళ్లీ బిగించుకోవచ్చు. ఆ ఒక్క సుఖం కోసమే ఇది కొనొచ్చంటాను. కానీ ఈ నాలుగేళ్లలో మూడుసార్లు కారింది. మొదటిసారి నీళ్లు గిన్నె అడుగు నుంచే పడుతున్నాయని దాన్ని పైపు రెంచితో గట్టిగా బిగించాను. గిన్నె మర దగ్గర నిలువునా చీలింది. తీరా చూస్తే కారేది అక్కడ కాదు, పైన.

పోయిన నెల బరంపురం నుంచి మా మరదలు ఫోటో పంపి, ‘వదినా, కింద గిన్నె కారుతోంది, మొత్తం కొత్తది తెచ్చేయమంటారా?’ అని అడిగింది. ఫోటోలో గిన్నె అడుగున చుక్క వేలాడుతోంది. నేను ఆ చుక్కను వదిలేసి ఫోటో పెద్దది చేసి పైకి చూసుకుంటూ వెళ్లాను. నీళ్లు ఎక్కడ బయటపడినా పైపు వెంట జారి అడుగునే చుక్క కడతాయి. కాబట్టి తడి గాని, ఉప్పునీటి తెల్లచార గాని అన్నిటికంటే పైన ఎక్కడ మొదలైందో చూడాలి. వాళ్ల ఫోటోలో సన్నటి తెల్లచార గిన్నె మీదుగా పైకి పోయి, సింకు నుంచి దిగే నిలువు పైపు ట్రాప్‌లోకి దూరే చోట, నట్టు కింద ఆగింది. ఆ పై పైపు పొడిగా ఉంది. నట్టు కూడా కొంచెం ఒరిగి ఉంది. ఎడమవైపు రెండు మరలు బయటికి కనిపిస్తున్నాయి, కుడివైపు ఒక్కటీ లేదు. మర తప్పి ఎక్కిందని అక్కడే అనుమానం వచ్చింది.

ఫోటో చూసి అనుమానించగలం గాని తేల్చి చెప్పలేం. ఆ చార పాతదీ కావచ్చు, నట్టు లోపలి వాషరు ఎలా ఉందో కెమెరాకు అందదు. అందుకని తనతో చిన్న పరీక్ష చేయించాను. అన్నీ పాతగుడ్డతో పొడిగా తుడిచి, ప్రతి నట్టు చుట్టూ టిష్యూ కాగితం చుట్టమన్నాను. ముందు పంపు కట్టేసి పది నిమిషాలు ఆగాలి. అప్పుడే తడిస్తే తప్పు గోడకు ఉండే చిన్న వాల్వు యాంగిల్ కాక్‌దో, పంపుకు వెళ్లే కనెక్షన్ పైపుదో. తర్వాత మూత పెట్టి సింకు నింపాలి. నీళ్లు నిలిచి ఉండగానే సింకు అడుగు తడిస్తే సింకు రంధ్రంలో బిగించే వేస్ట్ కప్లింగ్ దగ్గరి వాషరు పోయినట్టు. చివరికి మూత తీసి నీళ్లన్నీ ఒక్కసారిగా వదలాలి. వాళ్లింట్లో మొదటి రెండుసార్లూ కాగితాలు పొడిగానే ఉన్నాయి. మూత తీయగానే ఆ ఒరిగిన నట్టుకు చుట్టిన కాగితం నానిపోయింది.

తను నట్టు విప్పి వాషరు ఫోటో పంపింది. ఒకపక్క నలిగి పల్చబడి ఉంది. ఇది గరాటులా ఏటవాలుగా ఉండే రబ్బరు వాషరు. సన్నటి వైపు ట్రాప్ నోట్లోకి దిగాలి, వెడల్పు వైపు నట్టుకు ఆనాలి. తిరగేసి పెడితే ఎంత బిగించినా కారుతుంది. దీని మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం దండగ, ఎందుకంటే నీళ్లను ఆపేది మర కాదు, వాషరు. ఆ టేపు యాంగిల్ కాక్ గోడలోకి ఎక్కే మరకు పనికొస్తుంది. కొత్త వాషరుకు పాతదాన్ని చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లమన్నాను. 32 మిల్లీమీటర్లదీ 40దీ విడిగా చూస్తే ఒకేలా అనిపిస్తాయి.

బిగించేటప్పుడు నట్టును మొదట వెనక్కి తిప్పమన్నాను. టిక్కున మర కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పాలి. చేతి బలమంతా అయ్యాక ఇంకో పావు చుట్టు చాలు. అంతకంటే బిగిస్తే వాషరు నలుగుతుంది, లేదంటే నట్టు చీలుతుంది. మరల మీద పెళుసుదనం గాని, వెంట్రుకంత చీలిక గాని కనిపిస్తే మాత్రం నట్టే మార్చాలి. వాళ్లది బాగానే ఉంది, వాషరొక్కటే మార్చింది. రెండుసార్లు సింకు నింపి నీళ్లు వదిలి చూసి, కాగితం పొడిగా ఉందని మళ్లీ ఫోటో పంపింది.

మా ఇంట్లో మిగతా రెండుసార్లు కారింది కూడా ఇదే వాషరు వల్ల. ట్రాప్ మీద నాకు ఉన్న ఫిర్యాదు కూడా ఇదే. పెట్టెలో వచ్చిన వాషరు మాకు రెండేళ్లకే గట్టిపడింది. ఇప్పుడు గిన్నె కడిగినప్పుడల్లా ఆ నట్టు చుట్టూ వేలు తిప్పి తడి చూస్తాను. సింకు కింది డబ్బాలో రెండు వాషర్లు అదనంగా ఉంచుతున్నాను.