రెండు బూడిద రంగు టిక్కులు: ఆరేళ్ల వాడకం తర్వాత నా అనుభవం

తిరుపతిలో చిన్న ట్రావెల్స్ నడుపుతూ ఆరేళ్లుగా యాత్రికులతో మాటామంతీ అంతా వాట్సాప్‌లోనే సాగిస్తున్నాను. కారు నంబరు, డ్రైవరు ఫోను, ఎక్కవలసిన చోటు అన్నీ సందేశంగానే వెళ్తాయి కనుక, వాటి పక్కన కనబడే టిక్కులను చూసి మళ్లీ ఎప్పుడు పలకరించాలో నిర్ణయించుకోవడం నా పనిలో భాగమైంది. ఒక టిక్కు పడితే సందేశం సర్వరు దాకా వెళ్లిందని, రెండు బూడిద రంగు టిక్కులు పడితే అవతలి ఫోనుకు చేరిందని, అవి నీలంగా మారితే ఆ చాట్ తెరిచారని అర్థం. ఇంతవరకు అందరికీ తెలుసు. ఫోనుకు చేరడం వేరు, మనిషికి చేరడం వేరు అన్న సంగతి మాత్రం నాకు ఒక పొరపాటు జరిగాకే బోధపడింది.

ఒక కుటుంబం తిరుమలలో ఉదయం పది గంటల దర్శనానికి వెళ్లింది. సాయంత్రం ఆరున్నరకు రేణిగుంటలో వారి రైలు. ముందు చెప్పిన కారు చెడిపోవడంతో పదకొండు గంటలకు కొత్త కారు నంబరు పంపాను. వెంటనే రెండు బూడిద టిక్కులు పడ్డాయి. చేరింది కదా, చూస్తారులే అనుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా అవి నీలంగా మారకపోయేసరికి ఆదుర్దాతో ఒకదాని వెంట ఒకటిగా మరో ఐదు సందేశాలు పంపాను. ఆలయంలోకి సెల్‌ఫోన్లు తీసుకువెళ్లనివ్వరని, వారి ఫోను డిపాజిట్ కౌంటరులో ఆన్‌లోనే ఉండి నా సందేశాలన్నిటినీ అందుకుంటోందని ఆ సమయంలో నాకు తట్టలేదు. మూడున్నరకు ఆ కుటుంబ పెద్ద ఫోను తీసుకుని చాట్ తెరవగానే ఆరు సందేశాలూ ఒకేసారి నీలమయ్యాయి. ఇక బెంగ లేదనుకున్నాను. కానీ ఆయన చదివింది "దయచేసి జవాబివ్వండి" అన్న చివరి సందేశం ఒక్కటే. అన్నిటికంటే పైనున్న కారు నంబరు ఆయన కంట పడనే లేదు. పాత కారు కోసం వెతుకుతూ వారు ముప్పావు గంట ఎండలో నిలబడ్డారు. రైలు అందింది కానీ, పిల్లలతో వారు పడిన శ్రమకు నేనే కారణమని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ రోజు నుంచి దర్శనానికి వెళ్లేవారిని ఫోను అప్పగించే ముందు స్విచాఫ్ చేయమని అడుగుతున్నాను. అలా చేస్తే నేను పంపినది ఒక్క టిక్కుతోనే ఆగి ఉంటుంది; వారు బయటికి వచ్చి ఫోను ఆన్ చేసి, నెట్ అందగానే రెండో టిక్కు పడుతుంది. సందేశాన్ని నొక్కి పట్టుకుని వివరాలు చూస్తే చేరిన సమయం నిమిషంతో సహా కనబడుతుంది. ఆ సమయం నుంచి పది నిమిషాలు ఆగి, ఒక్కసారి మామూలు కాల్ చేస్తాను. చెప్పులు వేసుకుని, పిల్లలను పోగుచేసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఒక టిక్కు దగ్గర ఆగినప్పుడు రెండోసారి పంపడం వృథా, ఎందుకంటే అదీ మొదటిదాని వెనుకే సర్వరులో వేచి ఉంటుంది. మార్పు ఏదైనా ఉంటే పాత సందేశాన్ని తొలగించి, పూర్తి వివరం ఒకే సందేశంలో తిరిగి పంపుతున్నాను. అప్పుడు చివరిది ఒక్కటే చదివినా నష్టం లేదు.

ఈ పద్ధతి దెబ్బతినే సందర్భం ఒకటి ఉంది. ఒక అతిథి ఫోను స్విచాఫ్‌లో ఉండగానే రెండో టిక్కు పడింది. కాల్ చేస్తే ఫోను ఆఫ్‌లోనే ఉంది. ఆయన వాట్సాప్‌ను ఇంట్లోని కంప్యూటరుకు కూడా జోడించుకున్నారని, అది ఆన్‌లో ఉండటం వల్ల సందేశం అక్కడికి చేరిందని తర్వాత తెలిసింది. జోడించిన ఏ పరికరానికి చేరినా రెండో టిక్కు పడుతుంది కనుక, బుకింగ్ సమయంలోనే ఈ విషయం అడిగి రాసుకుంటున్నాను.

నీలం టిక్కు రాకపోతే చదవలేదని కూడా అనుకోకూడదు. తెర మీద వచ్చే నోటిఫికేషన్‌లోనే చదివేసి ఊరుకునేవారు ఉంటారు. రీడ్ రిసీట్లు ఆపేసుకున్నవారి నుంచి నీలం ఎన్నటికీ రాదు. అటువంటివారికి కారు నంబరును పది సెకన్ల వాయిస్ మెసేజ్‌గా కూడా పంపుతాను. రిసీట్లు ఆపినా, వాయిస్ విన్నప్పుడు మైకు గుర్తు నీలంగా మారుతుంది. ఇతరత్రా విషయాలకు దీన్ని వాడను, ఎందుకంటే తాము చదివినది ఎదుటివారికి తెలియకూడదని కోరుకునే హక్కు వారికి ఉంది. నా వైపు మాత్రం రిసీట్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను. కొండ మీద కారు కోసం చూస్తున్నవారికి, తమ మాట నేను చూశానని తెలియడం అవసరం.