ఎపిక్ అకౌంట్ లింకింగ్: చాలాకాలం వాడాక నా సమీక్ష

మా ఇంట్లో ఫోర్ట్‌నైట్ పీసీ మీద నేను ఆడతాను, ప్లేస్టేషన్ మీద మా మేనల్లుడు ఆడతాడు. సెలవుల్లో ఇద్దరం చోట్లు మార్చుకుంటాం. లాగిన్ అయితే చాలు, ఎవరి స్కిన్‌లు వాళ్లకు, ఎవరి బ్యాటిల్ పాస్ లెవెల్ వాళ్లకు ఏ మెషీన్ మీదైనా కనిపిస్తాయి. సరిగ్గా లింక్ అయ్యాక ఇక దాని జోలికి వెళ్లాల్సిన పని పడలేదు. చిక్కంతా లింక్ అయ్యేవరకే.

ముందు ఒక్క విషయం తెలియాలి. ఆటలో సంపాదించినదంతా ఉండేది ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ కంపెనీ అకౌంట్‌లో. ప్లేస్టేషన్ లాగిన్ అయిన పీఎస్ఎన్, అలాగే ఎక్స్‌బాక్స్, స్టీమ్ ఐడీలు ఆ ఇంటి తాళంచెవులు మాత్రమే. అన్‌లింక్ చేస్తే తాళంచెవి చేతికొస్తుంది, ఇంట్లో సామాను మాత్రం ఎక్కడికీ కదలదు. ఒక ఐడీ తీసి ఇంకో అకౌంట్‌కి పెడితే స్కిన్‌లు కూడా వెంట వస్తాయనుకుని చాలామంది మోసపోతారు.

మా మేనల్లుడి సంగతే చూడండి. కొత్త ప్లేస్టేషన్‌లో ఈమెయిల్ లింక్ చేసే స్టెప్ దాటేసి నేరుగా ఆట మొదలెట్టాడు. అలా చేస్తే ఈమెయిల్, పాస్‌వర్డ్ లేని అకౌంట్ ఒకటి వెనకాల దానంతటదే తయారవుతుంది. ఆట మామూలుగానే నడుస్తుంది, లెవెల్ పెరుగుతుంది, కొన్నవి లాకర్‌లో చేరతాయి కాబట్టి అనుమానం రాదు. కొన్నాళ్లకు ఆ అకౌంట్‌కి తన జీమెయిల్ ఇవ్వబోతే, ఆ ఈమెయిల్ ఇప్పటికే వాడుకలో ఉందని వచ్చింది. ఎప్పుడో ఎపిక్ స్టోర్‌లో ఫ్రీ గేమ్ కోసం అదే జీమెయిల్‌తో అకౌంట్ తెరిచి మరిచిపోయాడు. పాస్‌వర్డ్ రీసెట్ చేశాడు, లాగిన్ అయింది, లాకర్ మాత్రం ఖాళీ. అన్నీ పోయాయని ఒకటే టెన్షన్. లాగిన్ అయ్యాక లాకర్ ఖాళీగా ఉంటే ఏదీ పోయినట్టు కాదు, వేరే అకౌంట్‌లోకి వెళ్లినట్టు.

మేం చేసింది ఇదీ. ఒక బ్రౌజర్‌లో ఆ పాత ఖాళీ అకౌంట్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్‌లో దాని ఈమెయిల్‌ని ఎప్పుడూ వాడని వేరే అడ్రస్‌కి మార్చాం. కన్ఫర్మేషన్ మెయిల్స్ వస్తాయి కాబట్టి రెండు ఇన్‌బాక్స్‌లూ తెరుచుకోవాలి. దాంతో ఆ జీమెయిల్ అడ్రస్‌ని వేరే అకౌంట్‌కి ఇచ్చుకునే వీలు కలిగింది. తర్వాత ఇన్‌కాగ్నిటో విండోలో ఎపిక్ సైట్ తెరిచి, లాగిన్ పేజీలో ఈమెయిల్ బదులు ప్లేస్టేషన్ గుర్తు నొక్కి పీఎస్ఎన్ వివరాలతో లోపలికి వెళ్లాం. అకౌంట్ పూర్తి చేయమని ఒక ఫారం వస్తుంది. అందులో ఆ జీమెయిల్, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి వెరిఫై చేశాం. అంతే, స్కిన్‌లున్న అకౌంట్‌కే సొంత ఈమెయిల్ వచ్చింది. పీసీలో లాగిన్ అవ్వగానే లాకర్ నిండుగా కనిపించింది. ఇన్‌కాగ్నిటో ఎందుకంటే, బ్రౌజర్‌లో పాత లాగిన్ ఉండిపోతే మళ్లీ అదే ఖాళీ అకౌంట్ తెరుచుకుంటుంది.

పాత అకౌంట్‌లోని ఫ్రీ గేమ్స్ అక్కడే ఉండిపోయాయి. రెండు అకౌంట్లను కలిపే సదుపాయం ఫోర్ట్‌నైట్‌కి కొంతకాలం ఉండేది, 2019లో ఆపేశారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద లోటు అదే. ఏ అకౌంట్‌లో డబ్బు పెట్టారో, ఎక్కువ ఆడారో చూసుకుని దానికే అసలు ఈమెయిల్ ఇచ్చుకోవడం తప్ప దారి లేదు.

మీ అసలు ఆస్తి పీసీ అకౌంట్‌లో ఉంటే తిరగేసి చేయాలి. కన్సోల్ అకౌంట్‌కి ఒక స్పేర్ ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చి, epicgames.com/account/connections పేజీలో ప్లేస్టేషన్ పక్కన Remove నొక్కాలి. తర్వాత పీసీ అకౌంట్‌తో లాగిన్ అయి అదే పేజీలో Connect నొక్కాలి. ఈ రెండింటి మధ్యలో ప్లేస్టేషన్‌లో ఆట తెరవకండి. తెరిస్తే మళ్లీ ఈమెయిల్ లేని కొత్త అకౌంట్ పుట్టి, మీ పీఎస్ఎన్ దానికి అతుక్కునే ప్రమాదం ఉంది. అప్పుడు Connect నొక్కితే, ఆ ఐడీ వేరే అకౌంట్‌కి లింక్ అయి ఉందని వస్తుంది. అలా వస్తే మళ్లీ ప్లేస్టేషన్ గుర్తుతోనే లాగిన్ అయి ఏ అకౌంట్ తెరుచుకుందో చూసుకోండి, విషయం తెలిసిపోతుంది.

ఒక ఎపిక్ అకౌంట్‌కి ఒకేసారి ఒక్క పీఎస్ఎన్ మాత్రమే. ఇంతకుముందు అన్నయ్య పీఎస్ఎన్ లింక్ చేసి తీసేసిన అకౌంట్‌కి ఇప్పుడు మీది పెట్టబోతే అడ్డు చెప్పొచ్చు. సెట్టింగ్స్‌తో అది తేలకపోతే సపోర్ట్‌కే రాయాలి. వాళ్లు అకౌంట్ మీదేనని రుజువు అడుగుతారు కాబట్టి కొన్నప్పటి రసీదు మెయిల్స్ డిలీట్ చేయకండి.

నా మార్కులు ఐదుకి మూడున్నర. కోసేసిన ఒకటిన్నరా ఆ కలిపే సదుపాయం లేనందుకే.