కూతురికి స్థలం రాసివ్వాలంటే దానమా, విక్రయమా?

బొబ్బిలిలో మా మావయ్యకి సొంత సంపాదనతో కొన్న రెండు వందల గజాల ఖాళీ స్థలం ఉంది. దాన్ని చిన్న కూతురి పేరున పెట్టాలనుకున్నాడు. "దానమైతే రేపు రద్దంటారు, అమ్మినట్టు రాయించెయ్" అని ఎవరో చెప్పారట. రెండు నమూనాలూ తెచ్చి నా ముందు పెట్టాడు.

విక్రయ దస్తావేజులో ముందు చూడాల్సింది ప్రతిఫలం, అంటే ధర. ఎంత, ఎలా ముట్టింది అని ఉండాలి. డబ్బు ఇవ్వకుండా, ఇస్తామనే మాట కూడా లేకుండా అమ్మకం రాస్తే అది చట్టం దృష్టిలో అమ్మకమే కాదు. రేపు మా బావ కోర్టుకెళ్తే ముందు అడిగేది ఆ డబ్బు గురించే. ఖర్చూ తక్కువేం కాదు. ఆంధ్రలో విక్రయానికి స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. గజం పది వేలు అనుకుంటే స్థలం విలువ ఇరవై లక్షలు, అంటే లక్షన్నర. కుటుంబంలోని వాళ్లకి దానమైతే ఇంతకంటే తక్కువే అవుతుంది.

దాన పత్రంలో ధర ఉండదు, "ప్రేమాభిమానాలతో" అని ఉంటుంది. అది సరిపోతుంది. కానీ పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయ్యుంటే మాత్రం ఆ మాటతో తనొక్కడే దానం చేసెయ్యలేడు. అందుకే మావయ్య కొన్న పాత దస్తావేజు నంబరు, సంవత్సరం ఇందులో రాశారా అని చూశాను. ఉన్నాయి.

తర్వాత రెండు చోట్ల వేలు పెట్టాను. కూతురు దానాన్ని స్వీకరించినట్టు రాయాలి, అదీ తండ్రి బతికుండగానే జరగాలి. ఇంకోటి సాక్షులు. విక్రయానికి చట్టప్రకారం సాక్ష్యం తప్పనిసరి కాదు, దానానికి కనీసం ఇద్దరు కావాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. రిజిస్ట్రార్ ఆఫీసులో "ఈయన ఫలానా" అని గుర్తుపట్టి సంతకం చేసేవాళ్లు వేరు, దస్తావేజు రాసిచ్చినదానికి సాక్షులు వేరు. వెనక పేజీల్లో ఉన్న సంతకాలు చూసి సరిపోయిందనుకోవద్దు, దస్తావేజు చివర చూడండి. రిజిస్టరయ్యాక 1వ పుస్తకం, దస్తావేజు నంబరు, సంవత్సరం వెనక ఉంటాయి. అవే ఆ స్థలం లావాదేవీలన్నీ చూపించే ఈసీలోనూ కనబడాలి.

రద్దు భయం మాటకొస్తే, పూర్తయిన దానాన్ని మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. నిజానికి భయపడాల్సింది ఇచ్చేవాళ్లే, వాళ్లకీ ఓ దారి ఉంది. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద అరవై నిండినవాళ్లు తమని చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూసుకోకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లి దానాన్ని చెల్లకుండా చేయించుకోవచ్చు. ఆ షరతు కాగితంలో ఉంటే వాదన బలంగా నిలుస్తుంది.

మావయ్య నమూనాలో అది లేదు. "కూతురితో అలా రాయించుకుంటామేటి?" అని మొహమాటపడ్డాడు. ఆ అమ్మాయే పెన్ను తీసుకుని ఆ వాక్యం చేర్చింది.