తెలుగు ప్రతా, ఇంగ్లీషు ప్రతా: తేడా వస్తే ఏది చెల్లాలి?

బెంగళూరులో ఇల్లు కట్టించుకునే మనవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. లేబర్ కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉంటుంది. మేస్త్రి అనంతపురం వైపు వాడైతే తెలుగులో ఇంకో ప్రతి రాయిస్తారు. రెండింటి మీదా సంతకాలు పడతాయి. తేడా వస్తే ఏది చెల్లుతుందో మాత్రం ఎక్కడా ఉండదు.

మొన్న మారతహళ్ళి నుంచి ఒకాయన కాగితాలు పట్టుకొచ్చాడు. కూలి చదరపు అడుగుకు 400. ఇంగ్లీషులో ‘బిల్టప్ ఏరియా’ మీద, తెలుగులో ‘గదుల లోపలి కొలత’ మీద. మొదటిది 1,200 అడుగులు, రెండోది 960. తేడా 96,000 రూపాయలు. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు రాని మేస్త్రి ఇంగ్లీషు ప్రతి పట్టుకున్నాడు. “నాకు రాకపోతే ఏంది సార్, సంతకం పెట్టించింది మీరే కదా” అన్నాడట.

లాయర్లు సాధారణంగా ఇంగ్లీషు వైపే మొగ్గుతారు. ఇక్కడి కింది కోర్టుల్లో నడిచేవి కన్నడ, ఇంగ్లీషు. తెలుగు కాగితానికి అనువాదం జతచేయాలి. ఇద్దరూ ఇంగ్లీషు చదవగలిగితే నేనూ అదే చెబుతాను.

కానీ నా లెక్కలో అసలు చూడాల్సింది బేరం ఏ భాషలో జరిగిందన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి. చదవలేని భాషలో సంతకం పెట్టినవాడికి ‘అర్థమయ్యేలా చదివి వినిపించారా?’ అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. నాలుగు పేజీల అనువాదం ఒక్కసారి ఖర్చు. అర్థమైందని రుజువు చేయడం అంత తేలిక కాదు. అందుకే మేస్త్రితో ఒప్పందానికి నా ఓటు తెలుగుకే.

‘రెండూ సమానమే’ అని రాస్తే మర్యాదగా ఉంటుంది, తగాదా ఎక్కడిదక్కడే ఉంటుంది. అంకెలకు ఇంగ్లీషు, మిగతాదానికి తెలుగు అనే పద్ధతీ ఉంది. పై కేసులో గొడవ అంకెది కాదు, మాటది.

ఇక వాక్యం రాసే తీరు. ‘ఈ ప్రతే చెల్లుతుంది’ అని రాయొద్దు. దాన్ని యథాతథంగా అనువదిస్తే ఇంగ్లీషు కాగితం కూడా ‘నేనే’ అంటుంది. భాష పేరు రాయాలి, రెండు ప్రతుల్లోనూ అదే పేరు ఉండాలి. ‘తెలుగు ప్రతి మాత్రమే చెల్లుతుంది’ అన్నా చిక్కే. ఆలస్యానికి కోత ఇంగ్లీషులోనే రాసి ఉంటే అది ఎగిరిపోయే ప్రమాదముంది. నేను రాయించేది ఇది:

‘ఈ ఒప్పందం తెలుగు, ఇంగ్లీషు ప్రతుల్లో ఉంది. వాటి మధ్య మాటలో గానీ అంకెలో గానీ తేడా వస్తే తెలుగు ప్రతి ప్రకారమే నడుచుకోవాలి. ఒక ప్రతిలో ఉండి రెండోదాంట్లో లేని షరతు, తెలుగు ప్రతికి విరుద్ధంగా లేనంతవరకు చెల్లుతుంది. తర్వాత రాసుకునే మార్పులకూ ఇదే వర్తిస్తుంది.’

మారతహళ్ళి ఆయనా మేస్త్రీ చివరికి టేపు పట్టుకుని కూర్చున్నారు. బయటి గోడ నుంచి బయటి గోడ దాకా కొలత, బాల్కనీకి సగం అని ఒప్పుకున్నారు. ఆ కాగితం ఒక్క తెలుగులోనే రాయించాను.