అతుకు పడ్డ డ్రోన్‌తో పద్నాలుగు నెలలు

మాది ఆనేకల్ తాలూకా. బెంగళూరు అంచు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ. రాగి, అవరె, కొంచెం టమాటా వేస్తాం. మందు కొట్టడానికి పది లీటర్ల ట్యాంకు, ఆరు రెక్కలున్న కిట్ డ్రోన్ ఒకటి కొన్నాం. రెండో ఏడాదిలోనే అది రాగి చేలో కూలబడింది. మా ఊరి మోటార్ల మెకానిక్ బాగుచేశాక పద్నాలుగు నెలలుగా వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ రిపేరు గురించే, డ్రోన్ కంపెనీ గురించి కాదు.

ముందే చెప్పేస్తాను. అతుకు వేసిన చెయ్యి, అంటే చివర మోటారుని మోసే గొట్టం, ఇంతవరకు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. అదీ చెప్తాను.

జబ్బు విచిత్రంగా ఉండేది. ఖాళీ ట్యాంకుతో ఎంతసేపు ఎగరేసినా ఏమీ కాదు. నిండు ట్యాంకుతో ఐదారు నిమిషాలు ఎగిరాక మాత్రం ముందు ఎడమవైపుకి ఒరిగి, గిర్రున తిరగబోయేది. సిటీలో సర్వీసుకి తీసుకెళ్తే బల్లమీద పెట్టి మోటార్లు తిప్పి చూశారు. అన్నీ బాగానే తిరిగాయి. అయినా మోటారు, దానికి కరెంటు అందించే ఈఎస్‌సీ, అన్నిటికీ ఆజ్ఞలిచ్చే కంట్రోలరు మూడూ మార్చాలని నలభై ఎనిమిది వేలు చెప్పారు. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. వెనక్కి తెచ్చేశాను.

మా మోటారన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. డ్రోన్ ఎప్పుడూ విప్పలేదు. "రెక్కలు ముందు పీకెయ్ తమ్ముడూ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నది ఆయన మొదటి మాట. తర్వాత ఎగిరినప్పటి రికార్డు, అదే లాగ్, లాప్‌టాప్‌లో చూపించమన్నాడు. మాది ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే కంట్రోలరు కాబట్టి, దాని లాగ్ చూపించే మిషన్ ప్లానర్‌లో `RCOU` గ్రాఫ్ తెరిచాం. కంట్రోలరు ఏ మోటారుని ఎంత గట్టిగా తిరగమంటోందో అందులో కనిపిస్తుంది. ఒరిగే ముందు మిగతావి 1550 దగ్గర ఉంటే `C3` ఒక్కటే 1900 దాకా ఎక్కేసింది. దానికి ఎదురు మూలనున్న `C4` కిందికి దిగింది. అంటే మూడో చెయ్యి తిరగమన్నంత తిరగడం లేదు, కంట్రోలరు దాన్ని ఇంకా ఇంకా అదిలిస్తోంది. కంట్రోలరు నిర్దోషి అని అక్కడే తేలింది.

మూడో చేతిలో ఏం చెడింది? ఇక్కడ ఆయన కొత్తది ఒక్కటీ కొననివ్వలేదు. మూడో చేతి ఈఎస్‌సీని ఆరో చేతికి, ఆరో దాన్ని మూడుకి మార్చాడు. ఆరునే ఎందుకు ఎంచుకున్నాడంటే ఈ అమరికలో ఆ రెండు మోటార్లూ గడియారం ముల్లు దిశలోనే తిరుగుతాయి, రెక్కలు కూడా ఒకటే రకం. జబ్బు ఈఎస్‌సీలో ఉంటే దాంతోపాటు ఆరో చేతికి పోవాలి. పోలేదు. తర్వాత మోటార్లు మార్చాడు. అప్పుడూ మూడో చెయ్యే ఒరిగింది.

చదవడానికి రెండు వాక్యాలే కానీ దీనికి మూడు రోజులు పట్టింది. పది లీటర్ల నీళ్లు నింపి, నాలుగు గూటాలకు తాళ్లు కట్టి, మీటరు ఎత్తులో నిలబెట్టి, జబ్బు వచ్చేదాకా కాచుకోవాలి. ఒక్కో పరీక్షకి ఒక జత బ్యాటరీ ఖర్చు, మళ్లీ ఛార్జింగుకి గంటకు పైనే. తాళ్లు కట్టినప్పుడు జీపీఎస్ మోడ్‌లో వద్దని నేనే చెప్పాను. తాడు లాగేకొద్దీ కంట్రోలరు గాలి అనుకుని ఎదురు తోస్తుంది, తాడు తెగితే ఒక్కసారిగా దూకుతుంది. జీపీఎస్ వాడని స్టెబిలైజ్ మోడ్‌లోనే చేశాం.

నాలుగో రోజు అరువు మొదలైంది. పక్క ఊళ్లో ఇదే కిట్ ఇంకొకరి దగ్గరుంది, బ్యాటరీలు ఉబ్బిపోయి అటక మీద పడుంది. దాని చెయ్యి ఒకటి మొత్తంగా విప్పి తెచ్చి మా మోటారు, మా ఈఎస్‌సీ దానికే తగిలించాం. నిండు ట్యాంకుతో ఎనిమిది నిమిషాలు రాయిలా నిలబడింది. ఇక మిగిలింది మా చేతి గొట్టం, దాని లోపలి మూడు తీగలు. మా కిట్‌లో ఈఎస్‌సీ నడిమి పెట్టెలో ఉంటుంది, అక్కణ్ణుంచి మూడు తీగలు గొట్టంలోంచి మోటారుకి పోతాయి. ఈఎస్‌సీ మోటారు కిందే అమర్చిన డ్రోన్లలో ఈ తీగలు ఇలా ఉండవు.

ఆ తీగలకు నేను అంతకుముందే మల్టీమీటర్ పెట్టాను. మూడూ బీప్ కొట్టాయి. మోటారన్న నవ్వాడు. "నాలుగు పోగులున్నా బీప్ కొడుతుందప్పా. బరువు మోయించి చూడు."

ట్రాక్టర్ బ్యాటరీ, హెడ్‌లైట్ బల్బు తెచ్చి, ఆ బల్బు వెలిగే కరెంటు తీగలోంచి పోయేలా కట్టాడు. 55 వాట్ల బల్బు, అంటే నాలుగున్నర ఆంపియర్లు. అలా పోతుండగా తీగ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలిచాడు. రెండు తీగలు పదిహేను చూపించాయి. మూడోది తొంభై. చెయ్యి మడిచే కీలు దగ్గర దాన్ని వేలితో వంచితే అంకె మూడు వందలు దాటి ఎగిరింది, బల్బు కన్ను కొట్టింది. తొడుగు కోసి చూస్తే లోపల పోగులు చాలావరకు తెగి, మందు తడికి నల్లబడి ఉన్నాయి. పైన గీత కూడా లేదు. రోజూ చెయ్యి మడిచి విప్పడమే కారణం. బరువెక్కి కరెంటు పెరిగి, ఆ చోటు వేడెక్కితే పట్టు పోతుంది. చల్లారితే మళ్లీ మామూలే. అందుకే సర్వీసు బల్లమీద ఏమీ దొరకలేదు. రాగి చేలో రాగి తీగ తెగిందని మా నాన్న ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

ఇంటి వైరింగు తీగ వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. దానిలో పోగులు లావు, తక్కువ. మడిస్తే మూడు నెలల్లో పోతుందన్నాడు. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి సన్న పోగుల సిలికాన్ తీగ, పన్నెండు గేజిది, తెచ్చాను. ఆయన దగ్గరున్న చిన్న సోల్డరింగ్ ఐరన్ ఆ లావు తీగని టంకం కరిగేంత వేడి చెయ్యలేక రేడియేటర్ షాపులో పెద్దది అరువు తెచ్చాం. అతుకు కీలు దగ్గర రాకుండా, మడత పడని చోట వేశాడు. కీలు దగ్గర తీగకి కొంచెం వదులు ఉంచాడు, అది కిట్ చేసినవాళ్లు మరిచిపోయిన పని. తర్వాత రెండు, ఐదు, పది లీటర్లతో వరసగా పరీక్షలు, దిక్సూచి క్యాలిబ్రేషన్. మొత్తం ఖర్చు రెండు వేల ఆరు వందలు, అందులో ఆయన కూలి వెయ్యి.

పద్నాలుగు నెలల లెక్క ఇది. రెండు రాగి పంటలు, ఒక అవరె పంట, ఊళ్లో అద్దె పనులు. ఇప్పుడు నెలకోసారి ఆరు చేతులకూ అదే బల్బు పరీక్ష చేస్తున్నాను. తొమ్మిదో నెలలో ఐదో చేతిలో ఒక తీగ నలభై చూపించింది. ఎగిరేటప్పుడు ఇంకా ఏ తేడా లేదు. మిగతా ఐదు చేతులకూ అప్పుడే తీగలు మార్పించాను. మొదటిసారే మార్పించి ఉండాల్సింది, డబ్బు చూసుకుని ఆగాను.

నచ్చనివీ ఉన్నాయి. మేం విప్పామని అమ్మినవాళ్లు వారంటీ తీసేశారు. గొట్టం చివర నీళ్లు పోకుండా వేసిన సిలికాన్ గమ్ము రెండుసార్లు ఊడింది, మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. ఈ మార్పిడి పద్ధతి మోటారు, ఈఎస్‌సీ ఒకే డబ్బాలో వచ్చే కొత్త డ్రోన్లకు సగమే పనికొస్తుంది, ఎందుకంటే వాటిని విడదీయలేం. ఇంకోటి, సీజన్‌లో మోటారన్న దొరకడు. బోర్లు కాలిపోయే ఎండాకాలమంతా ఆయన షాపు ముందు మోటార్ల వరస ఉంటుంది.

అరువు తెచ్చిన చెయ్యి తిరిగి ఇచ్చేశాం. దాని ఓనరు ఇప్పుడు బ్యాటరీలు కొన్నాడు, పోయిన వారం ఆ డ్రోన్ కూడా మోటారన్న షాపు బల్లమీదే చూశాను. రెక్కలు పీకేసి ఉన్నాయి.